ఒక్క సీటు, ఇరవై నాలుగు గంటలు: ఎంతమంది కావాలి?

బీటెక్ అయ్యాక నా మొదటి ఉద్యోగం హైదరాబాద్‌లో ఓ ఎన్‌ఓసీలో. అంటే నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్. గోడ నిండా స్క్రీన్లు ఉంటాయి. ఎక్కడైనా లింకు పడిపోయినా, సర్వర్ ఆగిపోయినా అలారం వస్తుంది. సీట్లో ఉన్నవాడు అది చూసి టికెట్ వేయాలి, సంబంధిత ఇంజినీరుకి ఫోన్ కొట్టాలి. మా క్లయింట్‌కి ఒకే ఒక్క సీటు. కానీ అది రాత్రీ పగలూ ఖాళీగా ఉండకూడదు. ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2, 2 నుంచి రాత్రి 10, 10 నుంచి మళ్లీ ఉదయం 6. మూడు షిఫ్టులు, మేం నలుగురం.

మొదటి సంక్రాంతి వచ్చింది. మాలో సీనియర్ అన్నకి రెండు నెలల ముందే లీవ్ శాంక్షన్ అయింది. ఆయన ఊరెళ్లిన మర్నాడే ఇంకొకడికి వైరల్ ఫీవర్. మిగిలింది ఇద్దరం. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ చెరో పన్నెండు గంటలు కూర్చున్నాం. మా ఇంటి ముందు భోగి మంట నేను వీడియో కాల్‌లో చూశా. పండగ అయ్యాక మేనేజర్ దగ్గరికెళ్లి, ‘సార్, ఇంకో మనిషి కావాలి’ అంటే ఆయన చాలా మామూలుగా అడిగారు: ‘మూడు షిఫ్టులకి నలుగురున్నారు కదయ్యా, ఒకరు ఎక్స్‌ట్రాగానే ఉన్నారుగా?’

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆయన మాట తప్పని మనసుకి తెలుస్తోంది, కానీ ఎక్కడ తప్పో చూపించలేకపోయా. ఇంటికెళ్లి ఎక్సెల్ తెరిచి లెక్క వేశాక తెలిసింది. మాలో ‘ఎక్స్‌ట్రా’ ఎవరూ లేరు సరికదా, ఎవరూ ఒక్కరోజు కూడా సెలవు పెట్టకపోయినా మా నలుగురితో ఆ సీటు నిండదు!

క్లౌడ్ సపోర్ట్, సెక్యూరిటీ మానిటరింగ్, డేటా సెంటర్, ప్లాంట్ కంట్రోల్ రూమ్, ఆస్పత్రి వార్డు... మీలో చాలామంది మొదటి ఆఫర్ ఇలాంటి షిఫ్టు సీటుకే వస్తుంది. అక్కడ మీకు సెలవు దొరుకుతుందా లేదా అన్నది మేనేజర్ మంచితనం మీద కన్నా ఈ లెక్క మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. అందుకే ఒకసారి కూర్చుని వేద్దాం. ఎనిమిదో తరగతి గణితం చాలు.

వారానికి 21

మామూలు ఆఫీసు పనికీ, ఈ సీటుకీ ఒక తేడా ఉంది. కోడ్ రాసే అబ్బాయి మూడు రోజులు సెలవు పెడితే ఆ పని అతని కోసం ఆగుతుంది. తిరిగొచ్చి పూర్తి చేస్తాడు. కాపలా కాసే సీటు అలా ఆగదు. ఒకరు లేని ప్రతి గంటా ఇంకొకరు అక్కడ కూర్చోవాల్సిందే. అందుకే ఇక్కడ సెలవు అంటే కచ్చితంగా ఇంకో మనిషి పని.

రోజుకి 3 షిఫ్టులు, వారానికి 7 రోజులు. అంటే సీటు వారానికి 21 షిఫ్టులు అడుగుతుంది. ఐదు రోజుల పని వారం ఉన్న కంపెనీలో ఒక మనిషి వారానికి 5 షిఫ్టులు ఇస్తాడు. నలుగురు కలిసి ఇచ్చేది 20. ఒకటి తక్కువ! అంటే అందరూ ఆరోగ్యంగా ఉండి, ఎవరింట్లోనూ పెళ్లి గానీ పండగ గానీ లేకపోయినా ప్రతి వారం మాలో ఒకరు ఆరో రోజు రావాల్సిందే. మేం వచ్చేవాళ్లం కూడా. ‘ఈ వారం నీ వంతు’ అని మాలో మేం సర్దుకునేవాళ్లం కాబట్టి అది మనుషుల కొరత అని మాకే తోచలేదు.

ఐదుగురైతే 25 షిఫ్టులు. నాలుగు మిగిలాయి కదా అని సంబరపడకండి. ఒకరు వారం రోజులు సెలవు పెడితే పోయేవి 5. మిగిలేవి 20. మళ్లీ ఒకటి తక్కువ. ఆ ఒక్కటీ ఎవరో ఓవర్‌టైమ్ చేసి నెట్టుకొస్తారు. అదే వారంలో ఇంకొకరికి జ్వరమొచ్చి మంచమెక్కితే మిగిలేవి 15, అంటే ఆరు షిఫ్టులు తక్కువ. ఆరుగురుంటే 30. ఒకరు వారమంతా లేకపోయినా 25 ఉంటాయి, నాలుగు చేతిలో మిగులుతాయి. ఇద్దరు లేకపోతే 20, ఒక్క షిఫ్టు మాత్రం చూసుకోవాలి.

నలుగురు, ఐదుగురు, ఆరుగురు. కాగితం మీద ఒక్కొక్క అంకె తేడానే. కానీ సీట్లో కూర్చునేవాడికి అది వేరే వేరే ఉద్యోగాలంత తేడా.

ఏడాది లెక్క

వారం లెక్క ఇబ్బంది ఎలా ఉంటుందో చూపిస్తుంది. ఎంతమందిని తీసుకోవాలో తేల్చాలంటే మాత్రం ఏడాది మొత్తం చూడాలి. దీన్ని ఈ రంగంలో రిలీఫ్ ఫ్యాక్టర్ అంటారు. ఒక పోస్టు ఏడాది పొడవునా నిండుగా ఉండాలంటే ఎంతమంది రోల్స్‌లో ఉండాలి అన్నదే దాని అర్థం.

ముందు సీటు అడిగేది: 365 రోజులు, రోజుకి 3. మొత్తం 1095 షిఫ్టులు.

ఇప్పుడు ఒక మనిషి నిజంగా ఎన్ని షిఫ్టులు ఇస్తాడో చూద్దాం. ఒక కంపెనీ పాలసీ ఇలా ఉందనుకోండి. వారానికి రెండు ఆఫ్‌లు, అంటే ఏడాదికి 104. పండగలు, జాతీయ సెలవులు కలిపి 10. ఈఎల్ 15, క్యాజువల్ లీవ్ 12. సిక్ లీవ్ పాలసీ ప్రకారం ఎన్ని ఉన్నా, ఆ టీములో మనిషికి సగటున వాడేది 7 అనుకుందాం. సీట్లో కూర్చోకుండా ట్రైనింగ్‌కి వెళ్లే రోజులు 4.

365లోంచి 104 తీసేస్తే 261. ఇవి పని దినాలు. ఇందులోంచి 10, 15, 12, 7, 4, అంటే మొత్తం 48 తీసేస్తే 213. ఏడాది మొత్తంలో ఒక మనిషి ఆ సీట్లో నిజంగా కూర్చునేది 213 రోజులే. 1095ని 213తో భాగిస్తే 5.14.

మా మేనేజర్ మనసులో ఉన్న అంకె 3. నాకున్న టీమ్ 4. అసలు కావాల్సింది ఐదు దాటింది.

పండగ సెలవుల దగ్గర ఒక మాట. రిపబ్లిక్ డే రోజు ఆఫీసంతా సెలవు, సీటుకి మాత్రం లేదు. ఆ రోజు వచ్చినవాడికి కంపెనీ బదులుగా కాంప్ ఆఫ్ ఇస్తే ఆ 10 రోజులూ లెక్కలోంచి తీసేయాల్సిందే. ఎందుకంటే అతను ఇంకో రోజు రాడు. కాంప్ ఆఫ్ బదులు డబ్బులిస్తే ఆ పది రోజులు మళ్లీ పని దినాలే అవుతాయి. 213 కాస్తా 223 అవుతుంది, 1095ని దాంతో భాగిస్తే 4.91. చూశారా, ఒక్క నిబంధన మారితే జవాబు ఐదుకి పైనుంచి కిందికి జారింది. ‘హాలిడే వర్కింగ్‌కి డబుల్ పే’ అనే కంపెనీలు ఎక్కువ జీతం ఇస్తున్నట్టు కనిపించినా, ఒక మనిషి ఖర్చులో కొంత మిగుల్చుకుంటున్నాయి కూడా. అది తప్పని నేననను. నాకైతే ఆ వయసులో డబ్బులే బాగుండేవి. ఆ సంగతి తెలిసి ఒప్పుకోవాలి, అంతే.

కలపడం కాదు, భాగించడం

ఇక్కడే చాలామంది, అనుభవం ఉన్నవాళ్లు కూడా పొరపాటు పడతారు. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న అడిగితే కాలు జారేది కూడా ఇక్కడే.

సెలవుల్లేకపోతే ఎంతమంది కావాలి? 1095ని 261తో భాగిస్తే సుమారు 4.2. సెలవులు ఎంత శాతం? 261లో 48, అంటే 18.4 శాతం. ‘సరే, 4.2కి ఇంకో 18.4 శాతం కలుపుదాం’ అంటారు. కలిపితే 4.97 వస్తుంది. ‘అబ్బ, సరిగ్గా ఐదుగురు! సరిపోయింది’ అని ఫైలు మూసేస్తారు.

తప్పు ఎక్కడంటే, అదనంగా తీసుకునే మనిషి కూడా మనిషే. అతనూ సెలవు పెడతాడు, అతనికీ జ్వరమొస్తుంది. 18.4 శాతం కలిపినప్పుడు ఆ కొత్తవాడు ఏడాదంతా ఒక్క సెలవూ లేకుండా వస్తాడని మనం అనుకున్నట్టే లెక్క. సరైన పద్ధతి ఏమిటంటే, ఒక మనిషి వంద పని దినాల్లో 81.6 మాత్రమే ఇస్తాడు కాబట్టి 4.2ని 0.816తో భాగించాలి. అప్పుడు 5.14 వస్తుంది. పైన రోజుల్లో వేసిన లెక్కకి ఇది సరిపోతుంది.

4.97కీ 5.14కీ తేడా ఏముందిలే అనిపిస్తుంది. షిఫ్టుల్లోకి మార్చి చూడండి. ఐదుగురు ఏడాదికి ఇచ్చేది 5 రెట్లు 213, అంటే 1065. సీటు అడిగేది 1095. ముప్పై షిఫ్టులు గాల్లో ఉన్నాయి. ఆ ముప్పైలో ప్రతిదానికీ ఒక పేరు ఉంటుంది: ఆరో రోజు వచ్చినవాడిది, లేదా రాత్రి పదింటికి ఇంటికెళ్లాల్సి ఉండీ రిలీవర్ రాక తెల్లారి ఆరు దాకా కూర్చున్నవాడిది.

‘నలుగురు చాలు’ ఎక్కడిది?

మా మేనేజర్‌ని పూర్తిగా తప్పుపట్టలేం. ఆయన అంతకుముందు పనిచేసింది ఆరు రోజుల పని వారం ఉన్న చోట. అక్కడ ఆఫ్‌లు 52 మాత్రమే. మిగిలేవి 313 రోజులు. పండగలు 8, ఈఎల్ 15, మిగతా సెలవులు 10 తీసేసినా 280 ఉంటాయి. 1095ని 280తో భాగిస్తే 3.91. అక్కడ నలుగురు అనేది సబబైన అంకే. ఆ అంకెని ఐదు రోజుల వారం ఉన్న చోటికి తెచ్చి పెట్టడమే చిక్కు.

ఈ లెక్క కొత్తదేం కాదు. రైల్వేలో ఎనిమిది గంటల రోస్టర్ ఉన్న స్టేషన్‌కి ముగ్గురు స్టేషన్ మాస్టర్లుంటే, వాళ్ల వీక్లీ రెస్టు రోజుల్లో కూర్చోవడానికి ‘రెస్ట్ గివర్’ అని వేరే మనిషిని పెడతారు. అతను వారానికి ఆరు రోజులు పనిచేస్తాడు కాబట్టి ఆరుగురి రెస్టులు కవర్ చేయగలడు. అంటే రెండు స్టేషన్లకి ఒక రెస్ట్ గివర్. సెలవుల కోసం ‘లీవ్ రిజర్వ్’ అని మళ్లీ విడిగా ఉంటుంది. రెస్టు వేరు, సెలవు వేరు అని పోస్టుల పేర్లలోనే విడదీసి పెట్టారన్నమాట.

నర్సింగ్‌లోనూ అంతే. కేంద్రంలోని స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ నిబంధనల్లో, మూడు షిఫ్టుల్లో పనిచేసే నర్సులకి నెలకి 8 ఆఫ్‌లు, ఏడాదికి 3 జాతీయ సెలవులు, లీవ్ రిజర్వ్ అన్నీ లెక్కలోకి తీసుకుని 45 శాతం పోస్టులు అదనంగా ఉండాలని ఉంది. ఒక బెడ్ల వరుసకి ప్రతి షిఫ్టులో ఒక నర్సు ఉండాలంటే 3 రెట్లు 1.45, అంటే 4.35 మంది. ఇక్కడ 45 శాతాన్ని ‘కలుపుతున్నారు’ కదా అని మీకు అనుమానం రావచ్చు. నెలకి 8 చొప్పున 96 ఆఫ్‌లు, 3 సెలవులు తీసేస్తే మిగిలేది 266 రోజులు. 365ని 266తో భాగిస్తేనే 1.37. భాగించగా వచ్చిన అదనం, దాని మీద లీవ్ రిజర్వ్ కలిసే ఆ 45 శాతం దాకా వస్తుంది.

మరి పన్నెండు గంటల షిఫ్టులు పెడితే మనుషులు తగ్గుతారా అని మా జూనియర్ ఒకడు అడిగాడు. తగ్గరు. సీటు అడిగేది గంటలే, అవి మారవు. ఒక మనిషి వారానికి ఇచ్చే గంటలు పెంచితేనే తల లెక్క తగ్గుతుంది. కాకపోతే అక్కడ లెక్క రోజుల్లో వేయొద్దు, గంటల్లో వేయండి. ఎందుకంటే పన్నెండు గంటల షిఫ్టు రోజు సెలవు పెడితే సీటులో పడే గుంట 12 గంటలది. లీవ్ రికార్డులో ‘ఒక రోజు’ అని ఉంటే, అది 8 గంటలా 12 గంటలా అని హెచ్‌ఆర్‌కి ఒక అభిప్రాయం, పేరోల్‌కి ఇంకో అభిప్రాయం ఉండటం నేను కళ్లారా చూశా.

రాజీనామా కూడా సెలవే

ఇప్పటిదాకా వచ్చిన 5.14లో అందరూ ఏడాది పొడవునా రోల్స్‌లో ఉంటారనే నమ్మకం దాగి ఉంది. షిఫ్టు ఉద్యోగాల్లో అలా జరగదు. రెండేళ్లలో మా సీటు నుంచి ముగ్గురు వెళ్లిపోయారు. మూడోవాణ్ని నేనే.

ఒకరు మానేస్తే ఏం జరుగుతుంది? నోటీస్ పీరియడ్‌లోనే కొత్తవాణ్ని వెతకడం మొదలుపెట్టినా, ఎంపికైనవాడికి కూడా పాత కంపెనీలో నోటీస్ పీరియడ్ ఉంటుంది. సీటు రెండు నెలలు ఖాళీ అనుకోండి. వచ్చాక ఒక నెల పక్కన కూర్చుని నేర్చుకోవాలి. ఆ నెల జీతం నడుస్తుంది, కానీ రోస్టర్‌లో అతనికి సొంతంగా షిఫ్టు వేయలేం. రాత్రి రెండింటికి అలారం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో తెలియనివాణ్ని ఒంటరిగా కూర్చోబెట్టలేం కదా. మొత్తం మూడు నెలలు. ఐదుగురి టీములో ఏడాదికి ఒకరు మానేస్తే పోయేది పావు మనిషి, అంటే టీము శక్తిలో 5 శాతం. 5.14ని మళ్లీ 0.95తో భాగిస్తే 5.41.

ఇదంతా ఎక్సెల్‌లో ఒక్క లైనే:

```
=365*3/((365-104-10-15-12-7-4)*0.95)
```

మీ కంపెనీ అంకెలు ఇందులో పెట్టుకుంటే మీ జవాబు మీకొస్తుంది. ఒక్క జాగ్రత్త: ప్రసూతి సెలవుని సగటుగా మార్చి ఇందులో ఇరికించొద్దు. చట్టం ప్రకారం మొదటి ఇద్దరు బిడ్డలకి అది 26 వారాలు. అంటే ఐదు రోజుల వారంలో 130 పని దినాలు. ఐదుగురి టీములో అది సగటుగా రాదు, వచ్చినప్పుడు ఒక మనిషి సగం ఏడాది ఉండరు. పైగా ఎప్పుడో చాలా ముందే తెలుస్తుంది. దానికి తాత్కాలికంగా ఇంకొకరిని తీసుకోవాలి. ‘ఉన్నవాళ్లే చూసుకోండి’ అనేస్తే పక్కవాళ్లకి కోపం వచ్చేది ఆ అమ్మాయి మీద. నిజానికి రావాల్సింది రోస్టర్ వేసినవాళ్ల మీద.

పాత రికార్డు చెప్పే అబద్ధం

ఫార్ములా తేలికే. అందులో ఏ అంకె వేయాలన్నదే కష్టం. ముఖ్యంగా సెలవుల అంకె.

నా లెక్క పట్టుకుని మేనేజర్ దగ్గరికి రెండోసారి వెళ్లా. ఆయన నిజాయతీగానే పోయిన ఏడాది లీవ్ రిపోర్టు తీయించారు. ‘నువ్వు ఈఎల్, సీఎల్ కలిపి 27 వేశావు. మీ టీమ్ వాడింది మనిషికి పదిలోపే. సిక్ లీవ్ రెండు. మరి?’ అన్నారు. రిపోర్టు నిజమే. కానీ ఎందుకు పదిలోపే వాడాం? అడిగితే ఇవ్వలేదు కాబట్టి. కొన్నాళ్లకి అడగడమే మానేశాం కాబట్టి. సిక్ లీవ్ రెండే ఎందుకంటే, నేను 101 జ్వరంతో డోలో వేసుకుని నైట్ షిఫ్ట్ చేశా కాబట్టి. మనుషుల కొరత ఉన్న టీమ్ రికార్డులో సెలవులు తక్కువే కనిపిస్తాయి. ఆ తక్కువ అంకెని మళ్లీ ఫార్ములాలో వేస్తే ‘మనుషులు సరిపోయారు’ అనే జవాబే వస్తుంది. కొరతే కొరతని దాచిపెడుతుంది.

అందుకే లెక్క వేసేటప్పుడు ఈఎల్, సీఎల్‌కి పాలసీలో ఉన్న పూర్తి అంకె వేయాలి. అది కంపెనీ ఇస్తానని రాసిచ్చింది కదా. సిక్ లీవ్ ఒక్కటే వాడకాన్ని బట్టి వేయొచ్చు. అది కూడా మనుషులు సరిపడా ఉన్న ఇంకో టీమ్ రికార్డు చూసి వేయడం మేలు. నేను 7 అన్నది అలా పక్క ఫ్లోర్‌లో వాళ్ల రిపోర్టు చూసే.

లీవ్ రిపోర్టు అబద్ధం చెప్పినా కొరత ఇంకోచోట బయటపడుతుంది. కాంప్ ఆఫ్ బ్యాలెన్స్ చూడండి. అది నెలనెలా పెరుగుతూ పోతోందంటే తీర్చలేని అప్పు చేస్తున్నట్టే. మా నలుగురిదీ కలిపి ఒక దశలో అరవై దాటింది. డిసెంబరులో అందరి ఈఎల్‌లు ఒకేసారి ల్యాప్స్ అవుతుంటే అదో గుర్తు. ఓవర్‌టైమ్ ఎప్పుడో ఓసారి ఉంటే అది అవసరం. ప్రతి నెలా దాదాపు అదే అంకె వస్తుంటే మాత్రం అక్కడ ఓ మనిషి లేడని అర్థం. ఇక టీమ్ లీడ్ తన పని వదిలేసి తరచూ సీట్లో కూర్చుంటున్నాడంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

5.41 మందిని ఎలా తీసుకోవాలి?

సున్నా పాయింట్ నాలుగు మనిషి దొరకడు కదా. ఒకే సీటు ఉంటే రెండే దారులు. ఐదుగురిని తీసుకుని మిగిలినది ఓవర్‌టైమ్‌తో నడపడం, లేదా ఆరుగురిని తీసుకోవడం. ఐదుగురితో ఎంత తక్కువ పడుతుందో తెలుసు. సెలవుల వల్ల 30 షిఫ్టులు, ఒకరు మానేస్తే ఇంకో 53 దాకా, మొత్తం 83. అంటే నెలకి ఏడు. ఐదుగురు పంచుకుంటే తలా నెలకి ఒకటిన్నర. ఇది భరించగలిగేదే అని కొందరంటారు. ఆ ఏడూ నెలంతా సమానంగా పరుచుకుని రావు, పండగ వారంలో, ఎవరో మానేసిన నెలలో గుంపుగా వచ్చి పడతాయి. ఇబ్బంది అక్కడుంది.

ఆరుగురైతే, మానేసేవాళ్లని లెక్కేసుకున్నా 1214 షిఫ్టులు వస్తాయి. 119 మిగులుతాయి. ‘ఆ మిగిలిన రోజుల్లో జీతం దండగే కదా’ అన్నది యాజమాన్యం అడిగే ప్రశ్న, న్యాయమైనదే. ఆ రోజుల్లో వాళ్లని పగటి పూట వేసి, అలారంల చెత్త తగ్గించడం, ప్రొసీజర్లు రాయడం, కొత్తవాళ్లకి నేర్పడం లాంటివి చేయించే చోట్లు ఉన్నాయి. అలాంటి పని చూపించలేకపోతే ఆరో మనిషికి అనుమతి రావడం కష్టం.

అసలు మంచి దారి సీట్లని కలపడం. నాలుగు సీట్లు విడివిడిగా ఉండి, ఒక్కోదానికి ఆరుగురు చొప్పున తీసుకుంటే 24 మంది. అదే నాలుగూ ఒకే టీమ్‌గా ఉండి, ఎవరైనా ఏ సీట్లోనైనా కూర్చోగలిగితే 4 రెట్లు 5.41, అంటే 21.64. ఇరవై ఇద్దరు చాలు. ఇద్దరు తగ్గినా సెలవులు ఇంకా సులువుగా దొరుకుతాయి. ఐదుగురిలో ఇద్దరికి ఒకేసారి జ్వరమొస్తే రోస్టర్ కూలిపోతుంది. ఇరవై ఇద్దరిలో ఇద్దరు లేకపోతే ఎవరూ గమనించరు కూడా. షరతు ఒక్కటే, అందరికీ అన్ని సీట్ల పనీ రావాలి. కాగితం మీద పూల్ అని రాసి, ‘ఫైర్‌వాల్ సీటు ప్రసాద్‌కే తెలుసు’ అనే పరిస్థితి ఉంటే ఆ ప్రసాద్‌కి మాత్రం సంక్రాంతి ఉండదు.

మా మేనేజర్ చివరికి చేసింది కూడా అదే. ఆరో మనిషిని కాదు కదా, ఐదో మనిషిని కూడా ఇవ్వలేకపోయారు. కానీ మా సీటుని పక్క క్లయింట్ రెండు సీట్లతో కలిపారు. అది జరగడానికి ఎనిమిది నెలలు పట్టింది. అప్పటికి నేను పేపర్లు వేసేశా.

ఇంటర్వ్యూలో ఎలా అడగాలి?

మా బాబాయి కొడుకు వాసు ఈ మధ్యే క్యాంపస్ బయట రెండు ఆఫర్లు తెచ్చుకున్నాడు, రెండూ షిఫ్టు ఉద్యోగాలే. ‘అన్నయ్యా, ఏది తీసుకోమంటావ్?’ అని ఫోన్ చేశాడు. జీతం సంగతి తర్వాత, ముందు రెండు చోట్లా రెండే అడగమన్నా: ఒక్కో షిఫ్టులో ఎన్ని సీట్లు నిండాలి, ఆ సీట్లకి రోస్టర్‌లో మొత్తం ఎంతమంది ఉన్నారు. ‘లీవులు దొరుకుతాయా?’ అని అడిగితే ఏ హెచ్‌ఆర్ అయినా దొరుకుతాయనే చెబుతారు. అంకె అడిగితే అంకె చెబుతారు. ‘షిఫ్ట్ ప్యాటర్న్ అర్థం చేసుకుందామని’ అంటే ఎవరూ తప్పుగా అనుకోరు కూడా. ఐదు రోజుల వారమేనా అన్నది ఆఫర్ లెటర్లోనే ఉంటుంది.

మొదటి చోట రెండు సీట్లు, తొమ్మిది మంది. వారానికి కావాల్సింది 42 షిఫ్టులు, తొమ్మిది మంది ఇచ్చేది 45. మిగిలేవి మూడు. ఒక్కరు వారం సెలవు పెట్టినా రెండు షిఫ్టులు తక్కువ పడతాయి. సీటుకి నాలుగున్నర మంది. రెండో చోట మూడు సీట్లు, పదిహేడు మంది, అందరూ అన్ని సీట్లూ తిరుగుతారు. కావాల్సింది 63, వచ్చేది 85. మిగిలేవి 22. నలుగురు ఒకేసారి వారం పాటు లేకపోయినా రోస్టర్ నడుస్తుంది. సీటుకి 5.67 మంది.

మొదటిది నెలకి నాలుగు వేలు ఎక్కువ. వాసు ఓ రాత్రంతా ఆలోచించి రెండోదాంట్లో చేరాడు. జీతం తక్కువని పిన్ని ఇప్పటికీ నన్నే అంటోంది. వాడు మాత్రం మొన్న ఫోన్లో వేరే విషయం చెప్పాడు: సంక్రాంతికి నాలుగు రోజులు లీవ్ పెడితే టీమ్ లీడ్ రోస్టర్ చూసి, అదే రోజు అప్రూవ్ చేశాడట.